కొత్త ఎల్‌టీ ప్యానెల్ కమిషనింగ్, టెస్ట్ రిపోర్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిల్లులో, కోల్డ్ స్టోరేజీలో, చిన్న ఫ్యాక్టరీలో కొత్త ప్యానెల్ పెట్టిన ప్రతిసారీ ఓనర్లు, ఎలక్ట్రీషియన్లు, కొత్తగా సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకున్న కుర్రాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా అక్కడి జవాబు అక్కడే పూర్తవుతుంది.

అంకెలు కావలసిన చోటల్లా ఒకే తరహా ప్యానెల్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. సొంత 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రైస్ మిల్లు, 11 కేవీ నుంచి 433 వోల్ట్‌లకు దిగే సరఫరా, 250 ఆంపియర్ల ఎంసీసీబీ ఇన్‌కమర్, పక్కన జనరేటర్ చేంజోవర్, కింద మోటార్ ఫీడర్లు, ఒక లైటింగ్ ఫీడర్. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేసి, అక్కడి నుంచి ఎర్త్ పట్టీని విడిగా ప్యానెల్‌కు తెచ్చిన ఏర్పాటు అది.

## ప్యానెల్ దిగిన తర్వాత, పవర్ ఇవ్వకముందు

ఫ్యాక్టరీలోనే టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారు కదా, సైట్‌లో మళ్లీ ఎందుకు?

ఫ్యాక్టరీ సర్టిఫికెట్ చెప్పేది ఆ ప్యానెల్ తయారైన చోట ఎలా ఉందన్న సంగతి మాత్రమే. ఐఎస్/ఐఈసీ 61439 ప్రకారం తయారీదారు ప్రతి ప్యానెల్‌కూ రొటీన్ పరీక్షలు చేసి పంపాలి. వైరింగ్ సరిగా ఉందా, ఇన్సులేషన్ నిలుస్తుందా, ఇంటర్‌లాకులు పనిచేస్తున్నాయా అన్నవి అందులో వస్తాయి. ఆ కాగితం తప్పకుండా తీసుకోండి, రిపోర్టుకు జత చేయండి.

అయితే ఆ తర్వాత ప్యానెల్ లారీ ఎక్కింది, గతుకుల్లో కుదుపులు తిన్నది. రెండు ముక్కలుగా వచ్చి ఉంటే బస్‌బార్ జాయింట్లు మీ సైట్‌లోనే బిగించారు. కేబుళ్లు, గ్లాండ్లు, ఎర్త్ పట్టీ, ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్ ఇవేవీ ఫ్యాక్టరీలో లేనే లేవు. షాక్ కొట్టే లోపాల్లో ఎక్కువ భాగం సైట్‌లో కలిపిన ఈ భాగాల్లోనే ఉంటాయి. కమిషనింగ్ రిపోర్టు వాటి కోసమే.

మెగ్గర్ పెట్టే ముందు ఏం చూడాలి? నేరుగా టెస్ట్ మొదలుపెట్టొచ్చా?

వద్దు. ముందు కంటితో, తర్వాత చేత్తో, ఆ తర్వాతే మీటర్‌తో. మొదటి పని సరఫరా నిజంగా లేదని తేల్చుకోవడం. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఆపి తాళం వేయాలి, జనరేటర్ వైపు కూడా ఆపి తాళం వేయాలి. చేంజోవర్ ఉన్న ప్యానెల్‌లో రెండో దారి మర్చిపోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఆ తర్వాత టెస్టర్‌ను తెలిసిన లైవ్ పాయింట్ మీద చూసుకుని, ప్యానెల్‌లో వోల్టేజీ లేదని చూసి, టెస్టర్ ఇంకా పనిచేస్తోందో లేదో మళ్లీ లైవ్ పాయింట్ మీద చూడాలి.

ఇక కంటి తనిఖీ. బస్‌బార్ల మధ్య వదిలేసిన నట్లు, వాషర్లు, రాగి తీగ ముక్కలు ఉన్నాయా? గ్లాండ్ ప్లేట్‌కు కోసిన రంధ్రాల్లో వాడనివి మూసారా? మిల్లులో మూయని రంధ్రం అంటే లోపలికి తవుడు దుమ్ము, ఎలుకలు. రేటింగ్ ప్లేట్ మీద ఉన్న కరెంటు డ్రాయింగ్‌తో సరిపోతోందా? ఇవన్నీ రిపోర్టులో విడివిడి వరుసలుగా రాయాలి. "విజువల్ ఓకే" అని ఒక్క ముక్కలో రాస్తే ఏం చూశారో ఎవరికీ తెలియదు.

బోల్టులన్నీ గట్టిగా బిగించాం. టార్క్ విలువ రాయాల్సిన అవసరం ఉందా?

ఉంది. "గట్టిగా" అన్నది మనిషి మనిషికీ మారుతుంది. వదులుగా ఉన్న జాయింట్‌లో రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. మరీ ఎక్కువ బిగిస్తే అల్యూమినియం లగ్ నలిగి, కొన్నాళ్లకు అదీ వదులవుతుంది. అందుకే ఎంసీసీబీ తయారీదారు టెర్మినల్‌కు ఇచ్చిన విలువను, బస్‌బార్ బోల్టులకు ప్యానెల్ తయారీదారు ఇచ్చిన విలువను టార్క్ రెంచ్‌లో పెట్టి బిగించాలి. ఇంటర్నెట్‌లో దొరికిన సాధారణ పట్టిక వాడొద్దు. బోల్టు గ్రేడును బట్టి, వాషర్‌ను బట్టి విలువ మారిపోతుంది.

బిగించిన వెంటనే బోల్టు తల మీద నుంచి బార్ మీదకు పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా ఆ గీత విరిగి కనబడితే బోల్టు కదిలిందని తెలుస్తుంది. రిపోర్టులో జాయింట్ పేరు, పెట్టిన విలువ, గీత గీశారా లేదా అన్న మూడూ ఉంటే చాలు.

మెగ్గర్‌లో సున్నా దగ్గర చూపిస్తోంది. కొత్త ప్యానెల్ ఫెయిల్ అయినట్టేనా?

కంగారు పడకండి. చాలాసార్లు తప్పు ప్యానెల్‌లో కాదు, టెస్ట్ పెట్టిన పద్ధతిలో ఉంటుంది. ఉదాహరణ ప్యానెల్‌లోనే చూద్దాం. అన్నీ కలిపి ఉంచి 500 వోల్ట్‌ల డీసీతో ఫేజ్‌లకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 0.02 మెగాఓమ్ వచ్చింది. కారణం న్యూట్రల్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అది ఎర్త్‌కు కలిసే ఉంటుంది కాబట్టి, న్యూట్రల్‌తో ముడిపడి ఉన్న ప్రతి మీటర్ కాయిల్, ప్రతి ఇండికేటర్ బల్బు ఎర్త్‌కు దారి ఇస్తుంది. న్యూట్రల్ లింక్ తీసి, మల్టీఫంక్షన్ మీటర్ ఫ్యూజులు, ఫేజ్ ఫెయిల్యూర్ రిలే ఫ్యూజులు, కెపాసిటర్ బ్యాంకు వేరు చేసి కొలిస్తే 0.6 మెగాఓమ్‌కు పెరిగింది. ఇంకా తక్కువే. మిగిలిపోయింది సర్జ్ ప్రొటెక్షన్ పరికరం. 500 వోల్ట్‌ల డీసీ దగ్గర దాని లోపలి వేరిస్టర్ కరెంటు పారనివ్వడం మొదలుపెడుతుంది. దాని కార్ట్రిడ్జ్‌లు బయటకు లాగాక రీడింగ్ 180 మెగాఓమ్‌కు వెళ్లింది. ప్యానెల్‌లో ఏ లోపమూ లేదు.

వీఎఫ్‌డీ, సాఫ్ట్ స్టార్టర్ ఉంటే వాటిని తప్పకుండా వేరు చేయాలి. అక్కడ సమస్య రీడింగ్ తప్పు రావడం ఒక్కటే కాదు, డ్రైవ్ లోపలి సెమీకండక్టర్లు పోతాయి. ఏవేవి వేరు చేశారో రిపోర్టులో జాబితా రాసి, టెస్ట్ అయ్యాక తిరిగి కలిపినప్పుడు ఒక్కోదానికీ టిక్ పెట్టండి. సర్జ్ కార్ట్రిడ్జ్ తిరిగి పెట్టడం మర్చిపోయిన ప్యానెళ్లు పిడుగుల కాలం వచ్చేదాకా బాగానే కనిపిస్తాయి.

ఇన్సులేషన్ 1 మెగాఓమ్ దాటితే పాస్ అంటున్నారు. 3 మెగాఓమ్ వచ్చింది, సంతకం పెట్టేయొచ్చా?

500 వోల్ట్‌ల లోపు సర్క్యూట్‌కు 500 వోల్ట్‌ల డీసీ పరీక్షలో కనీసం 1 మెగాఓమ్ అన్నది వైరింగ్ ప్రమాణాలు పెట్టిన కింది గీత. 3 అంటే పాసే. కానీ అది పాత ఇన్‌స్టలేషన్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని పెట్టిన కనీస విలువ. కొత్త కేబుల్, కొత్త ప్యానెల్ పదులు, వందల మెగాఓమ్‌లు చూపించాలి.

నేను ముందు చూసేది మూడు ఫేజ్‌లకూ మధ్య తేడా. ఉదాహరణకు డ్రయ్యర్ ఫీడర్ కేబుల్‌లో రెడ్ ఫేజ్‌కు 210, యెల్లోకు 195, బ్లూకు 3.4 మెగాఓమ్ వచ్చాయనుకోండి. ఒకే కేబుల్, ఒకే రోజు, ఒకే తేమ. బ్లూ ఒక్కటే పడిపోవడానికి వాతావరణం కారణం కాదు. ఇలాంటి చోట కేబుల్ చివర తెరిచి చూస్తే సాధారణంగా దొరికేవి రెండే: ఆర్మర్ కోసేటప్పుడు కోర్ ఇన్సులేషన్ మీద పడ్డ గాటు, లేదంటే మూత వేయకుండా వదిలిన కేబుల్‌లోకి వాన నీరు. తేమ అయితే ఆరబెట్టి మళ్లీ కొలిస్తే పైకి వస్తుంది. గాటు అయితే ఆరబెట్టినా రాదు, ఆ ముక్క కోసి మళ్లీ టెర్మినేషన్ చేయాల్సిందే. రిపోర్టులో ఫలితం గడిలో "పాస్" రాసి, పక్కన "ఫేజ్‌ల మధ్య తేడా, కారణం వెతకాలి" అని రాయండి. కారణం దొరికేవరకూ ఆ ఫీడర్ ఆన్ చేయొద్దు.

ప్రతి రీడింగ్‌కూ ఒక నిమిషం ఆగి విలువ తీసుకోండి. పొడవైన కేబుల్‌లో టెస్ట్ అయ్యాక ఛార్జ్ మిగిలి ఉంటుంది, దాన్ని డిశ్చార్జ్ చేయకుండా లగ్ ముట్టుకోవద్దు.

ప్యానెల్ బాడీకి ఎర్త్ కలిపాం. అది పరీక్షించాలంటే మల్టీమీటర్ బీప్ చాలదా?

చాలదు. బీప్ కొన్ని పదుల ఓమ్‌ల దగ్గర కూడా మోగుతుంది. ఒక్క తీగపోగు తగిలి ఉన్నా మోగుతుంది. ఎర్త్ దారి వందల ఆంపియర్లు మోయాలి. ప్యానెల్ ప్రమాణం ప్రకారం తలుపు, గ్లాండ్ ప్లేట్, ఫ్రేమ్ లాంటి ప్రతి లోహ భాగానికీ ప్రధాన ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య రెసిస్టెన్స్ 0.1 ఓమ్ దాటకూడదు, అదీ కనీసం 10 ఆంపియర్లు పంపి కొలవాలి. అంత కరెంటు పంపినప్పుడే పెయింట్ మీద కూర్చున్న వాషర్, సగం తెగిన తలుపు జడ తీగ బయటపడతాయి.

తలుపు మీద మీటరో, పుష్ బటనో ఉంటే ఆ తలుపుకు విడిగా ఎర్త్ తీగ ఉండాలి. కీలు ఉంది కదా అని వదిలేయొద్దు, కీలుకు గ్రీజు, పెయింట్ రెండూ ఉంటాయి.

## ఎర్త్, లూప్ పరీక్షలు

ఎర్త్ పిట్ 1 ఓమ్ లోపు వచ్చింది. ఇక ఎంసీసీబీ ట్రిప్ అవుతుందని ధైర్యంగా ఉండొచ్చా?

ఈ నమ్మకం చాలామందిలో ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పిట్ రీడింగ్ మట్టికీ ఎలక్ట్రోడ్‌కూ సంబంధించింది. మోటార్ బాడీకి ఫేజ్ తగిలినప్పుడు కరెంటు మట్టి గుండానే వెళ్లాల్సి వస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. మీ వైపు పిట్ 1 ఓమ్, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ పిట్ 1 ఓమ్, మొత్తం 2 ఓమ్‌లు. 230 వోల్ట్‌లను 2తో భాగిస్తే 115 ఆంపియర్లు. 63 ఆంపియర్ల ఎంసీసీబీకి అది రెట్టింపు కూడా కాదు. వెంటనే ట్రిప్ కాదు, థర్మల్ భాగం వేడెక్కి తెగేదాకా మోటార్ బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచే ఉంటుంది.

ఎంసీసీబీని పడగొట్టేది మట్టి కాదు, మోటార్ బాడీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా తెగకుండా ఉన్న లోహపు దారి. కేబుల్ ఆర్మర్, ఎర్త్ పట్టీ, న్యూట్రల్ ఎర్త్ జాయింట్ కలిసి ఆ దారి అవుతాయి. దాన్ని కొలిచేది లూప్ ఇంపిడెన్స్ పరీక్ష. పిట్ పరీక్ష మానమని కాదు. పిడుగుకూ, న్యూట్రల్ స్థిరంగా ఉండడానికీ అది కావాలి. పిట్ కొలిచేటప్పుడు దాన్ని మిగతా ఎర్త్ నుంచి విడదీయాలి, నేల తడిగా ఉందా పొడిగా ఉందా రాయాలి. టెస్ట్‌కు ముందు బిందెలతో నీళ్లు పోసి తెచ్చిన రీడింగ్ వేసవిలో నిలవదు.

లూప్ ఇంపిడెన్స్‌లో పాస్ ఎంత, ఫెయిల్ ఎంత? ఒక్క అంకె చెప్పండి.

అన్ని ఫీడర్లకూ సరిపోయే ఒక్క అంకె లేదు. ప్రతి ఫీడర్‌కూ దాని బ్రేకర్‌ను బట్టి లెక్క కట్టాలి. సూత్రం ఇది:

```
Zs ≤ (2/3) × U0 / Ia
```

ఇందులో U0 అంటే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ, 230. Ia అంటే బ్రేకర్ వెంటనే ట్రిప్ అయ్యే కరెంటు. మూడింట రెండు వంతులు ఎందుకంటే, మనం కొలిచేది తీగ చల్లగా ఉన్నప్పుడు. లోడ్ మీద వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఆ తేడాకు ముందే చోటు వదిలిపెడతాం.

ఉదాహరణకు రైస్ వైట్నర్ మోటార్ ఫీడర్‌కు 63 ఆంపియర్ల ఎంసీసీబీ, మ్యాగ్నెటిక్ సెట్టింగ్ పది రెట్లు, అంటే 630 ఆంపియర్లు. ఆ సెట్టింగ్‌కు 20 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు కాబట్టి 756 తీసుకుందాం. 230ని 756తో భాగిస్తే 0.304, అందులో మూడింట రెండు వంతులు దాదాపు 0.20 ఓమ్. అదే ఈ ఫీడర్ గీత. అదే 32 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ అయితే పది రెట్లు 320 ఆంపియర్లు, గీత 0.48 ఓమ్ అవుతుంది.

స్థిరంగా బిగించిన పెద్ద మోటార్లకు 5 సెకన్లలోపు తెగితే చాలన్న వెసులుబాటు ప్రమాణంలో ఉంది. అది వాడుకోవాలంటే బ్రేకర్ టైమ్ కర్వ్ జత చేసి లెక్క చూపించాలి. నేనైతే వెంటనే ట్రిప్ అయ్యే కరెంటునే ప్రాతిపదికగా తీసుకుంటాను.

లూప్ ఫెయిల్ అయింది. కేబుల్ మార్చాలా?

ముందు కేబుల్‌ను అనుమానించకండి. 63 ఆంపియర్ల ఫీడర్‌లో గీత 0.20 ఓమ్ ఉన్నచోట మోటార్ టెర్మినల్ దగ్గర 0.42 వచ్చిందనుకుందాం. 230ని 0.42తో భాగిస్తే 548 ఆంపియర్లు. 630 ఆంపియర్ల మ్యాగ్నెటిక్ సెట్టింగ్ దాకా కూడా చేరదు, ఫెయిల్.

ఇప్పుడు దారిని ముక్కలు చేసి కొలవండి. అదే కొలత ప్యానెల్ ఔట్‌గోయింగ్ టెర్మినల్ దగ్గర తీస్తే 0.06 వచ్చింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్ దాకా దారి బాగుంది. మిగిలిన 0.36 ఓమ్ ప్యానెల్‌కూ మోటార్‌కూ మధ్యలో ఉంది. సుమారు 40 మీటర్ల 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్‌లో ఫేజ్ కోర్ వాటా 0.05 ఓమ్ దగ్గర ఉంటుంది. కాబట్టి తప్పు తిరుగు దారిలో, అంటే ఆర్మర్‌లో, గ్లాండ్‌లో ఉంది. గ్లాండ్ విప్పి చూస్తే పౌడర్ కోటింగ్ మీదే లాక్‌నట్ కూర్చుని ఉంటుంది. పెయింట్ గీకి, గ్లాండ్‌కు ఎర్త్ ట్యాగ్ వేసి, ట్యాగ్ నుంచి ఎర్త్ బార్‌కు తీగ లాగాక మళ్లీ కొలిస్తే 0.15 వచ్చింది. 230ని దానితో భాగిస్తే 1,500 ఆంపియర్లు దాటుతుంది, బ్రేకర్ తడుముకోదు. కేబుల్ మార్చి ఉంటే డబ్బూ పోయేది, కొత్త కేబుల్‌కూ అదే పెయింట్ మీద గ్లాండ్ బిగించేవాళ్లు.

లూప్ పరీక్ష లైవ్ మీద చేసేది. అనుభవం, చేతి తొడుగులు, పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడే చేయాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడిపోయింది. అది పాస్ కాదా?

బటన్ పరికరం లోపలి యంత్రాంగం కదులుతోందని మాత్రమే చెబుతుంది. ఎర్త్ తీగ ఎక్కడా కలపకపోయినా బటన్‌కు పడిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల సాధారణ రకానికి టెస్టర్‌తో మూడు స్థాయిలు చూడాలి. సగం, అంటే 15 మిల్లీఆంపియర్లకు పడకూడదు. 30కి 300 మిల్లీసెకన్లలోపు పడాలి. ఐదు రెట్లు, 150కి 40 మిల్లీసెకన్లలోపు పడాలి. టెస్టర్‌లో 0 డిగ్రీ, 180 డిగ్రీ రెండు ఎంపికలూ వాడి, రెండింటిలో ఎక్కువ వచ్చిన సమయాన్ని రాయండి.

సగం దగ్గరే పడిపోతే చాలామంది "సున్నితంగా ఉంది, మంచిదే" అంటారు. కాదు, అది ఫెయిలే. లోడ్ వైపు ఇప్పటికే లీకేజీ ఉండొచ్చు, లేదా కింద ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతూ ఉండొచ్చు. లోడ్ విడదీసి మళ్లీ చేస్తే తేలిపోతుంది.

## పవర్ ఇచ్చేటప్పుడు, ఇచ్చిన తర్వాత

మొదటిసారి ఆన్ చేయడం ఏ వరుసలో?

ఔట్‌గోయింగ్‌లన్నీ ఆఫ్‌లో ఉంచి, తలుపులు మూసి, ఇన్‌కమర్ ఒక్కటే ఆన్ చేయండి. హెచ్‌టీ సర్వీసు అయితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి చేతికి వచ్చాకే ఈ దశ. బస్‌బార్ మీద ఫేజ్‌ల మధ్య మూడు వోల్టేజీలు, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మూడు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి, మొత్తం ఏడు రీడింగులు రాయండి. లోడ్ లేనప్పుడు 433 వోల్ట్‌ల దగ్గర కనిపించడం మామూలే. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మూడు విలువలూ ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడితో ఆపండి, న్యూట్రల్ ఎక్కడో సరిగా తగలడం లేదు. అలాగే ముందుకు వెళ్తే ఒక ఫేజ్ మీద ఉన్న లైట్లు, మీటర్లు కాలిపోతాయి.

ఆ తర్వాత ఫీడర్లు ఒక్కొక్కటే.

కరెంటు మీద ఎలివేటర్ బాగా తిరుగుతోంది, జనరేటర్ మీద వెనక్కి తిరుగుతోంది. మోటార్ తీగలు మార్చాలా?

మోటార్ దగ్గర ముట్టుకోవద్దు. రెండు సరఫరాల ఫేజ్ వరుస వేరుగా ఉందన్నమాట. మోటార్ దగ్గర రెండు తీగలు మారిస్తే జనరేటర్ మీద బాగుపడి కరెంటు మీద చెడుతుంది. చేంజోవర్‌కు జనరేటర్ వచ్చే వైపు ఏ రెండు ఫేజ్‌లైనా మార్చాలి. ఈ పరీక్ష మోటార్ తిప్పి చేయాల్సింది కాదు. మోటార్ ఫీడర్లు ఆఫ్‌లో ఉండగానే ఫేజ్ సీక్వెన్స్ మీటర్‌ను చేంజోవర్ ఔట్‌పుట్ మీద పెట్టి, ముందు ట్రాన్స్‌ఫార్మర్ సరఫరా మీద, తర్వాత జనరేటర్ మీద చూసి రెండూ రాయాలి. నిండుగా ధాన్యం ఉన్న బకెట్ ఎలివేటర్ వెనక్కి తిరిగితే బూట్ దగ్గర పూడుకుపోయి బెల్టు తెగుతుంది.

అదే సమయంలో చేంజోవర్ ఇంటర్‌లాక్ కూడా చూడండి. ఒకటి ఆన్‌లో ఉండగా రెండోది చేత్తో ఆన్ చేయడానికి ప్రయత్నించాలి, అది ఆన్ కాకూడదు. ఇందులో ఫెయిల్ వస్తే ప్యానెల్‌ను వాడుకకు ఇవ్వకూడదు. జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి 11 కేవీ లైను మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను చంపేస్తుంది.

ప్యానెల్ మీటర్‌లో కిలోవాట్లు తక్కువ చూపిస్తున్నాయి, ఆంపియర్లు మాత్రం సరిగానే ఉన్నాయి. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ ఒక సీటీ తిరగబడి ఉంటుంది. మూడు ఫేజ్‌ల మీద సమానంగా లోడ్ ఉంటే ఒక ఫేజ్ తీసివేతగా లెక్కకు వస్తుంది, మిగిలేది అసలు విలువలో మూడో వంతు. మీటర్ స్క్రీన్‌లో ఫేజ్ వారీ కిలోవాట్లు చూడండి, ఒకటి మైనస్ చూపిస్తుంది. ఆంపియర్లే మూడింటిలోనూ తేడాగా ఉంటే, మీటర్‌లో సీటీ నిష్పత్తి సరిగా పెట్టారా చూసి క్లాంప్ మీటర్‌తో పోల్చండి.

సరిచేయడానికి సరఫరా ఆపాలి. లోడ్ నడుస్తుండగా సీటీ సెకండరీ విప్పితే దాని కొసల మధ్య ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది.

వేడి పరీక్ష మొదటి రోజే చేయాలా?

లోడ్ లేకుండా చేస్తే ఏమీ కనబడదు. మిల్లు మామూలుగా నడుస్తున్న రోజు, లోడ్ వచ్చాక గంటైనా ఆగి థర్మల్ కెమెరాతో చూడండి. చూడాల్సింది ఒకే రకం జాయింట్లు మూడు ఫేజ్‌లలో ఎలా ఉన్నాయన్నది. ఒకే కరెంటు మోస్తున్న మూడు లగ్‌లలో ఒకటి మిగతా వాటికంటే 15 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వెంటనే ఆపి ఆ జాయింట్ విప్పి చూడాలి. ఫోటోతో పాటు అప్పటి ఆంపియర్లు రాయకపోతే ఆ ఫోటోకు విలువ లేదు.

## రిపోర్టు రాసేటప్పుడు

పాస్ అని టిక్ పెడితే చాలదా? రీడింగులు ఎందుకు?

టిక్ చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. రీడింగ్, దాని గీత, ఫలితం మూడూ ఒకే వరుసలో ఉంటేనే చదివే మనిషి సొంతంగా నిర్ణయించుకోగలడు. రెండేళ్ల తర్వాత 180 ఉన్న ఇన్సులేషన్ 12కు పడితే అది ఇంకా పాసే, కానీ పడిపోతోందన్న సంగతి పాత అంకె ఉంటేనే తెలుస్తుంది. వరుసలు ఇలా ఉంటే సరిపోతుంది:

| ఫీడర్ | పరీక్ష | రీడింగ్ | గీత | ఫలితం |
|---|---|---|---|---|
| వైట్నర్ | లూప్, ఓమ్ | 0.42 | 0.20 లోపు | ఫెయిల్ |
| వైట్నర్, రెండోసారి | లూప్, ఓమ్ | 0.15 | 0.20 లోపు | పాస్ |
| లైటింగ్ ఆర్‌సీసీబీ | 30 మిల్లీఆంపియర్లకు సమయం, మిల్లీసెకన్లు | 24 | 300 లోపు | పాస్ |
| కెపాసిటర్ బ్యాంకు | లోడ్ మీద పని | చేయలేదు | | పెండింగ్ |

ఫెయిల్ వరుస కొట్టేసి పాస్ రాయొచ్చా? ఓనర్ చూస్తే బాగుండదు.

ఉంచాల్సిందే. ఫెయిల్ వరుస కింద ఏం సరిచేశారో, ఎవరు చేశారో, ఏ రోజు మళ్లీ కొలిచారో కొత్త వరుస రాయండి. ఫెయిల్ దొరికి సరిచేసిన రిపోర్టు మీద నాకు నమ్మకం ఎక్కువ. అన్ని ఫీడర్లకూ ఒకే ఇన్సులేషన్ విలువ, అన్ని ఆర్‌సీసీబీలకూ ఒకే సమయం ఉన్న కాగితం చూస్తే మీటర్ పెట్టెలోంచి బయటకు రాలేదేమోనన్న అనుమానం వస్తుంది. మీటర్ దాని పరిధి దాటి చూపిస్తే, స్క్రీన్ మీద `>999` అని ఉంటే అలాగే రాయండి, గుండ్రంగా 1000 అని మార్చొద్దు.

చేయని పరీక్షకు "వర్తించదు" అని రాస్తే తప్పా?

పెద్ద తప్పు. వర్తించదు అంటే ఆ పరికరమే ఈ ప్యానెల్‌లో లేదని అర్థం. జనరేటర్ ఇంకా రాలేదు కాబట్టి చేంజోవర్ పరీక్ష చేయలేదంటే అది "పెండింగ్". దాని పక్కన ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో రాయాలి. పెండింగ్‌లో ఉన్న ఫీడర్‌కు తాళం వేసి ట్యాగ్ కట్టాలి. భద్రతకు సంబంధించిన పరీక్ష పెండింగ్‌లో ఉంటే ఆ భాగాన్ని వాడుకకు ఇవ్వకూడదు.

మీటర్ల నంబర్లు, కాలిబ్రేషన్ వివరాలు కూడా రాయాలా?

రాయాలి. ఏ మీటర్, దాని సీరియల్ నంబర్, కాలిబ్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. రేపు ఒక లూప్ టెస్టర్ తప్పు చూపిస్తోందని తేలితే దానితో కొలిచిన వరుసలు ఏవో వెంటనే తెలియాలి. ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ కూడా రాయండి. గోదావరి జిల్లాల్లో వానాకాలం తీసిన ఇన్సులేషన్ రీడింగ్‌ను మే నెల రీడింగ్‌తో పోల్చేటప్పుడు అవి కావాలి.

సంతకం ఎవరిది, కాపీలు ఎవరికి?

కొలిచిన మనిషి, పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంతకాలు ఉండాలి. ఓనర్ తరఫు మనిషి పెండింగ్ జాబితా చదివి దాని కింద విడిగా సంతకం పెట్టాలి. ఒక కాపీ ఓనర్‌కు, ఒకటి కాంట్రాక్టర్ దగ్గర, ఒకటి ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించడానికి. సర్క్యూట్ డ్రాయింగ్‌తో పాటు ఇంకో కాపీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఉంచండి, రాత్రి షిఫ్టులో ట్రిప్ అయినప్పుడు ఎలక్ట్రీషియన్‌కు ఆఫీసు బీరువా తాళం దొరకదు.